సమాజం లేని సమాజమందిరం

ఎర్నాకుళం మార్కెట్ వీధిలో ఒక దుకాణం ఉంది. ముందు పూల మొక్కల కుండీలు, లోపల రంగురంగుల చేపలు తిరిగే గాజు తొట్లు. వాటిని దాటి లోపలి తలుపు తీస్తే ఎత్తయిన కప్పు, చెక్క స్తంభాలు, పైన ఆడవాళ్లు కూర్చునే అంతస్తు, పడమట ఏ దేవుడి బొమ్మా లేని చెక్కడపు మందసం కనిపిస్తాయి. అది కడవుంభాగం సినగాగ్. తెలుగు బైబిలు చదివినవారికి ‘సమాజమందిరం’ అంటే తెలుస్తుంది. యూదుల సామూహిక ప్రార్థన జరగాలంటే కనీసం పదిమంది వయోజన పురుషులు ఉండాలి. ఆ పదిమంది లేక 1972లో ఇక్కడ ప్రార్థనలు ఆగిపోయాయి. తరువాత ఆ సమాజంలోనే మిగిలిన ఒక వ్యాపారి ముందు గదిలో చేపలు, మొక్కలు అమ్ముతూ వెనుక మందిరాన్ని కాపాడుకుంటూ వచ్చారు.

గుడిలో చేపల కొట్టా అని ముఖం చిట్లించేవారు ఉంటారు. మా అభిప్రాయం వేరు. తాళం పడిన భవనానికి కేరళ వానే మొదటి శత్రువు. పెంకు జారిన చోట నీరు దిగుతుంది, దూలం నానుతుంది, చెద పడుతుంది, ఆపై కప్పు కూలుతుంది. రోజూ తలుపు తీసే మనిషి ఉంటే పెంకు జారిన వారంలోనే తెలుస్తుంది. ఆ మనిషిని అక్కడ నిలబెట్టింది చేపల కొట్టే. తాళం వేసి పవిత్రంగా ఉంచామని తృప్తి పడటం కంటే ఈ అక్కర మేలు.

అలాగని ఏ వాడుకైనా సరేనని కాదు. ఎక్కడ గీత గీయాలన్న ప్రశ్నను యూదులు చాలా ముందే వేసుకున్నారు. సుమారు క్రీస్తుశకం 200 నాటికి గ్రంథస్థమైన మిష్నా అనే ధర్మసంహితలో, సమాజమందిరాన్ని ఎలాంటి షరతుతో అమ్మవచ్చని చర్చ ఉంది. పండితుల తీర్పు ఏమిటంటే, శాశ్వతంగా అమ్మవచ్చు, కానీ నాలుగింటికి మాత్రం ఇవ్వకూడదు: స్నానశాల, తోళ్లు ఊనే చోటు, మైల తీర్చుకునే మునక గుండం, మూత్రశాల. ఆ వెంటనే పాడుపడిన మందిరం సంగతి వస్తుంది. శిథిలమైనా అందులో తాళ్లు పేనకూడదు, వలలు పరచకూడదు, కప్పు మీద పండ్లు ఆరబోయకూడదు, అడ్డదారిగా నడవకూడదు. గడ్డి మొలిస్తే పీకకూడదు. చూసినవాళ్ల మనసు కలుక్కుమనాలి కనుక దాన్ని అలాగే వదలాలి అంటుంది ఆ నియమం.

గమనించవలసిందేమిటంటే, ఈ నియమం అమ్మకాన్ని ఆపలేదు. భవనం నిత్యం పవిత్రమని కూడా అనలేదు. అక్కడ ప్రార్థించినవారి మనసుకు ఏది అవమానమో దాన్ని మాత్రమే ఆపింది. కాథలిక్ చర్చి ధర్మశాస్త్రం 1222వ నిబంధన కూడా అదే దారి పట్టింది. ఆరాధనకు పనికిరాని, లేదా గట్టి కారణంతో ఇక ఆరాధన జరపని చర్చిని బిషప్ లౌకిక వినియోగానికి విడుదల చేయవచ్చు, కానీ అది నీచమైన వినియోగం కాకూడదు. బలిపీఠం పవిత్రత మాత్రం భవనంతో పాటు రద్దు కాదు కనుక దానికి వేరుగా జాగ్రత్త చెప్పింది.

కేరళ కథలోకి వద్దాం. స్వాతంత్ర్యం నాటికి అక్కడ రెండు వేల పైచిలుకు యూదులు, ఎనిమిది సినగాగులు ఉండేవి. ఎవరూ తరిమితే వెళ్లినవారు కాదు. 1950ల నడుమ ఊళ్లకు ఊళ్లు ఇజ్రాయెల్‌కు ఓడలూ విమానాలూ ఎక్కాయి. పోయేవారు భవనాలను మోసుకుపోలేరు కదా! ఒకే ప్రాంతంలో, ఒకే కాలంలో, ఒకే సమాజం వదిలిన ఈ మందిరాలకు పట్టిన గతులు వేరు కావడమే ఇక్కడి పాఠం.

చేందమంగలం చూడండి. గుడి, మసీదు, చర్చి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. ప్రార్థనలు ఆగాక అక్కడి సినగాగ్ దశాబ్దాలు శిథిలమవుతూ ఉండగా ప్రభుత్వం చేతికి వచ్చింది. మరమ్మతులయ్యాక 2006లో లోపల కేరళ యూదుల జీవితంపై శాశ్వత ప్రదర్శన పెట్టారు. ముందు ఆవరణలో 1269 నాటి హీబ్రూ సమాధి రాయి నిలబెట్టి ఉంది. ఇజ్రాయెల్ కుమార్తె సారా అనే స్త్రీది. ఇక్కడ భవనం వేరొకటిగా మారలేదు, తన కథే తాను చెబుతోంది. ఇక్కడికి దగ్గరలోని పరవూరు సినగాగ్ కూడా ముజిరిస్ వారసత్వ ప్రాజెక్టులో ఇలాగే మ్యూజియం అయింది.

మట్టాంచేరిలో కథ తిరగబడింది. అక్కడ కూడా కడవుంభాగం పేరుతోనే మరో సినగాగ్ ఉండేది. చెక్కిన లోపలి పనితనాన్ని విప్పి జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంకు తరలించారు. చూడముచ్చటగా ఉంది, భద్రంగా ఉంది. ఖాళీ డొల్ల మాత్రం చేతులు మారి గోదాముగా మిగిలింది. 2019 వానల్లో దాని ముందు గోడ కూలింది. లోపలిది కాపాడుకున్నాం కదా అని బయటిదాన్ని వదిలేస్తే ఊరికి మిగిలేది ఇదే. గోదాము నీచ వినియోగమని మేము అనడం లేదు. మరమ్మతు చేయించే బాధ్యత ఎవరికీ లేని గోదాము అని అంటున్నాం.

మాళ అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ఉదాహరణ. ఊరు విడిచే ముందు అక్కడి యూదులు సినగాగ్‌ను, శ్మశానాన్ని స్థానిక పంచాయతీకి రాతపూర్వకంగా అప్పగించారు. శ్మశానాన్ని కాపాడాలన్నది వారి కోరిక. సినగాగ్ సామూహిక కార్యక్రమాల హాలుగా వాడుకలోకి వచ్చింది. దాంతో ఎవరికీ పేచీ లేదు, సమాజమందిరంలో సమాజమే కూర్చుంది. పేచీ శ్మశానంతో వచ్చింది. తిరిగి వచ్చి అడిగేవారు లేని విశాలమైన స్థలం, పైకి కనిపించే సమాధులు వేళ్ల మీద లెక్కించదగినవి. క్రీడా మైదానం కట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఏముంటుందని అనుకున్నారు. అడ్డుపడింది యూదులు కాదు, వారసత్వం మీద మమకారమున్న స్థానికులు.

ఆట స్థలం నీచమైనదా? కాదు. ఆడుకునే పిల్లలు తప్పు చేసినవారూ కాదు. కానీ యూదుల నమ్మకంలో సమాధి ఆ మనిషికి శాశ్వత నివాసం, తవ్వి కదిలించేది కాదు. పైన రాయి లేనంత మాత్రాన కింద మనిషి లేకుండా పోడు. కాబట్టి మందిరానికీ శ్మశానానికీ ఒకే కొలత పనికిరాదు. ప్రార్థన ఆగిన గదికి కొత్త పని పెట్టవచ్చు. సమాధులున్న నేలకు పెట్టరాదు. మా దృష్టిలో మార్పిడికి దాటకూడని మొదటి హద్దు ఇదే.

రెండో హద్దు, మార్పు వెనక్కి తీసుకోగలిగేదిగా ఉండాలి. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చి ఒకటి ఉంది. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనల ఆక్రమణలో చర్చిగా దాని జీవితం ముగిసింది. తరువాత గోదాము అయింది, సైకిళ్లు నిలిపే చోటు కూడా అయింది. 2006లో పుస్తకాల దుకాణం అయింది. నడుమ నిలిపిన ఎత్తయిన ఉక్కు అల్మరా తన కాళ్ల మీదే నిలుస్తుంది, పాత గోడల మీద బరువు మోపదు. రేపు విప్పేస్తే చర్చి చర్చిగానే మిగులుతుంది. వేదిక ఉన్న చోట కాఫీ బల్లను సిలువ ఆకారంలో పెట్టడం మాత్రం కాస్త గడుసుతనమే అనిపిస్తుంది.

మరి మన చట్టం ఏమంటుంది? 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం 3వ సెక్షన్, ఒక మతశాఖ ప్రార్థనా స్థలాన్ని వేరొక మతశాఖ ప్రార్థనా స్థలంగా మార్చడాన్ని నిషేధిస్తుంది. మార్చితే మూడేళ్ల వరకు జైలు. కానీ గుడిని మసీదు చేయవద్దనీ, మసీదును గుడి చేయవద్దనీ కట్టడి చేసే ఈ సెక్షన్, దాన్ని గోదాముగానో దుకాణంగానో మార్చడం గురించి మాట్లాడదు. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించి నిర్వహిస్తున్న ప్రార్థనా స్థలాలకైతే 1958 పురాతన కట్టడాల చట్టం 16వ సెక్షన్ ఉంది. వాటిని వాటి స్వభావానికి విరుద్ధమైన పనికి వాడరాదు. ఆ జాబితాకు ఎక్కని, దిక్కులేని చిన్న మందిరమే ఈ రెండు చట్టాల నడుమ జారిపోతుంది.

తెలుగువారికి ఇది పరాయి ఊరి గొడవ కాదు. పల్నాడులో చేజర్ల కపోతేశ్వరాలయానికి వెళ్లినవారు గర్భగుడి వెనుక భాగం గుండ్రంగా, ఏనుగు వెన్నులా ఉండటం చూసే ఉంటారు. అది ఒకప్పటి బౌద్ధ చైత్యం. బౌద్ధులు కనుమరుగయ్యాక శివాలయమైంది. ఎవరు, ఎవరి సమ్మతితో మార్చారో చెప్పే రాత లేదు. కానీ పూజ జరిగింది కనుక ఆ కప్పు నేటికీ నిలిచింది. దీపాలదిన్నెగా పిలిచే అమరావతి స్తూపానికి ఆ అదృష్టం లేదు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి కొత్త పట్టణ నిర్మాణానికి అది రాళ్ల గని అయింది. 1797లో ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసేటప్పటికే తవ్వేశారు. భక్తుల్లేని చోటికి కొత్త భక్తులు వస్తే ఒక దారి, గునపాలు వస్తే మరో దారి. మూడో దారి కూడా మన ఊళ్లలోనే ఉంది. ముస్లిం కుటుంబం ఒక్కటీ మిగలని ఊళ్లలో కూడా పీర్ల చావిడికి సున్నం వేసి, మొహర్రంలో పీర్లను ఎత్తేది హిందువులే.

అందుకే మేము కోరేది పెద్ద చట్టమేమీ కాదు. ఊరు వదిలే సమాజం, లేదా పదిమందికి తగ్గిన సమాజం, తన మందిరాన్ని అప్పగించేటప్పుడు ఏ పనికి వాడవచ్చో, ఏ పనికి వాడకూడదో, సమాధుల నేల ఎంతవరకో హద్దు రాళ్లతో సహా దస్తావేజులో రాయించుకోవాలి. పవిత్ర వస్తువులు ఎక్కడికి వెళ్లాలో అందులోనే ఉండాలి. షరతు తప్పితే ఎవరు కోర్టుకు వెళ్లవచ్చో కూడా పేరు పెట్టి రాయాలి. ఎందుకంటే రాసినవారు అప్పటికి దేశంలోనే ఉండరు. ఆ హక్కు ఆ ఊరి పౌరుల్లో ఎవరికైనా ఉండటమే మేలు. మాళలో జరిగిన పోరాటం చూస్తే శ్రద్ధ ఎవరికి ఉంటుందో తెలిసింది. పంచాయతీల ఆస్తి రిజిస్టర్లలో ఇలాంటి స్థలాలకు ‘ఖాళీ జాగా’ అని కాక ‘శ్మశానం’, ‘పూర్వ ప్రార్థనా మందిరం’ అని రాయడం ఈ పనిలో మొదటి మెట్టు. దానికి శాసనసభ తీర్మానం అక్కరలేదు, కార్యదర్శి కలం చాలు.