ఆడిట్‌కి రిటర్నులను ఎలా ఎంచుకుంటారు?

‘ట్యాక్స్ ఆడిట్ అంటే లాటరీ, ఎవరి పేరు తగిలితే వాళ్లు బలి. మినహాయింపులు సగటు దాటకుండా వేసుకుంటే కంప్యూటర్ కంట పడరు. రీఫండ్ ఖాతాలో పడిందంటే ఇక ఆ ఏడాది గొడవ తీరినట్టే’ అని చాలామంది అనుకుంటారు.

లాటరీ కొంత ఉంది, కానీ దాని పని వేరు. ఉదాహరణకు అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ కొన్ని రిటర్నులను ఏ అనుమానమూ లేకుండానే ఎంచుకుని లోతుగా పరిశీలిస్తుంది. ఎలాంటి రిటర్నుల్లో పన్ను తగ్గించి చూపుతున్నారో వాటివల్ల తెలుస్తుంది. మిగతా వాటికి స్కోరు వేసే సూత్రం ఆ ఫలితాలతోనే తయారవుతుంది. అనుమానం ఉన్నవాటినే తనిఖీ చేస్తూ పోతే, ఆ సూత్రం పాత అనుమానాలనే మళ్లీ మళ్లీ నేర్చుకుంటుంది.

స్కోరంటే మోసం చేశారన్న తీర్పు కాదు. తనిఖీ చేస్తే పన్ను లెక్క మారే అవకాశం ఎంతన్న అంచనా, అంతే. ఇద్దరు చెరో లక్ష విరాళం చూపించారనుకోండి. ఒకరి ఆదాయం 4 లక్షలు, మరొకరిది 40 లక్షలు. మొదటివారికి అది ఆదాయంలో 25 శాతం, రెండోవారికి 2.5 శాతమే. కాబట్టి మొదటి రిటర్ను వరుసలో పైకి వస్తుంది. అయినా ఆడిట్ ఖాయం కాదు. సిబ్బంది ఎందరుంటే అన్ని ఫైళ్లే తీయగలరు. పైగా ఒక అధికారి చూసి, ఆధారం సరిపోతే పక్కన పెట్టేయొచ్చు.

సగటులో దాక్కుంటే స్కోరు తగ్గొచ్చు. కానీ బ్యాంకుల్లాంటివాళ్లు శాఖకు పంపిన వివరాలతో మీ రిటర్నును పోల్చే డేటా మ్యాచింగ్‌కి సగటుతో పనే లేదు. బ్యాంకు మీ పేరిట 40,000 వడ్డీ అని శాఖకు చెప్పింది, మీరు 28,000 రాశారు. తేడా 12,000. దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు, తీసివేత చాలు. అందుకే ఇలాంటి కేసుల్లో ఎక్కువగా ఆడిట్ కాకుండా ఉత్తరం వస్తుంది. తప్పు మీదే కావాలనీ లేదు. జాయింట్ ఖాతాలో వడ్డీ మొత్తం మొదటి పేరు కిందే నమోదై, ఆ 12,000 రెండోవారు తమ రిటర్నులో చూపించి ఉండొచ్చు. వాటాల వివరం పంపితే సరిపోతుంది.

మ్యాచింగ్ పరిమితి కూడా ఇక్కడే ఉంది. మూడో మనిషి చెప్పని సొమ్ము దానికి కనిపించదు. నగదు వ్యాపారంలో సరుకు కొన్న ఖర్చుకీ అమ్మకాలకీ పొంతన లేకపోతే దాన్ని పట్టుకోవాల్సింది స్కోరే.

రీఫండ్ విషయానికొస్తే, దాన్ని సాధారణంగా పైపై పరిశీలనతోనే పంపేస్తారు. బయటి సమాచారంతో పోల్చడం నెలల తర్వాత కూడా జరగొచ్చు. చట్టం ఇచ్చిన గడువు ముగిసేదాకా కాగితాలు పారేయకూడదు.

ఉత్తరం వస్తే టెన్షన్ పడేముందు అందులో ఏముందో చూడండి. సొమ్ము ఇచ్చినవారి పేరు, ఒక అంకె, తేడా మాత్రమే ఉంటే అది మ్యాచింగ్. లెక్కల పుస్తకాలు, రసీదులు తెమ్మని అడిగితేనే ఆడిట్.