ఏయూసీ 0.92 అంటే నూటికి తొంభై రెండు కాదు

«ఈ కొత్త యూరిన్ టెస్టుకి ఆర్‌ఓసీ గ్రాఫులో ఏయూసీ 0.92 వచ్చింది. అంటే నూరు మందిలో 92 మందికి కరెక్టుగా చెప్తుంది. పాజిటివ్ వస్తే కిడ్నీ జబ్బు ఉన్నట్టే. గీత ఎడమ పై మూలకు దగ్గరైన చోట కటాఫ్ పెట్టుకుంటే చాలు. మన కనిగిరి వైపు ఊరూరా క్యాంపు పెట్టి చేయించాలి.»

ఇలా అనేవాళ్లు పొరబడుతున్నారు. 0.92 నూటికి లెక్క కాదు. జబ్బున్న గుంపులోంచి ఒకరినీ, లేని గుంపులోంచి ఒకరినీ చీటీ తీసినట్టు తీస్తే, జబ్బున్న మనిషి రీడింగే ఎక్కువగా ఉండే అవకాశం అది. క్యాంపుకి జనం అలా జంటలుగా రారు గదా. వచ్చిన ఒక్కరి రీడింగు చూసి తేల్చాలంటే కటాఫ్ కావాలి, అంటే ఇంత దాటితే పాజిటివ్ అనే హద్దు. ఆర్‌ఓసీ గీత మీద ఒక్కో బిందువు ఒక్కో కటాఫ్. ఏయూసీ ఆ గీత కింది వైశాల్యం, అన్ని కటాఫ్‌లనూ కలిపేసిన అంకె, ఏ ఒక్కదాని సంగతీ చెప్పదు.

పాజిటివ్ వస్తే జబ్బేనా అన్నదానికి గ్రాఫులో జవాబే లేదు. నిలువు గీత మీద ఉన్నది సెన్సిటివిటీ, అంటే జబ్బున్నవాళ్లలో ఎంతమంది దొరికారన్నది. అడ్డగీత మీద `1 - Specificity` అని ఉంటుంది, అంటే జబ్బు లేనివాళ్లలో ఎంతమందికి ఉత్తినే పాజిటివ్ వచ్చిందన్నది. రెండూ వేర్వేరు గుంపుల లెక్కలు. ఊళ్లో జబ్బు ఎంతమందికి ఉందన్నది ఏ గీతలోనూ లేదు.

లెక్క కోసం ఎడమ పై మూలకు దగ్గరి బిందువు దగ్గర సెన్సిటివిటీ 0.84, అడ్డగీత మీద 0.16 అనుకుందాం. అధ్యయనంలో జబ్బున్నవాళ్లు 100, లేనివాళ్లు 100 అయితే నిజమైన పాజిటివ్‌లు 84, ఉత్తవి 16. నూటికి 84, బాగానే ఉంది. అదే కటాఫ్‌తో 1000 మంది వచ్చిన క్యాంపులో జబ్బున్నవాళ్లు 50 మందే అనుకోండి. దొరికేది 42 మంది. మిగతా 950 మందిలో 152 మందికి ఉత్త పాజిటివ్. మొత్తం 194 పాజిటివ్‌లలో జబ్బు నిజంగా ఉన్నది నూటికి 22 మందికే. గీత అదే, టెస్టూ అదే, మారింది వచ్చిన జనం.

ఇక కటాఫ్. మూలకు దగ్గర అనేది స్కేలుతో కొలిచే దూరం, రోగిని తప్పించడమూ లేని జబ్బు అంటగట్టడమూ సమానమే అనుకునే కొలత. గీత మీద కిందికి దిగి సెన్సిటివిటీ 0.60, అడ్డగీత మీద 0.04 ఉన్న బిందువు తీసుకుంటే ఉత్త పాజిటివ్‌లు 38కి పడిపోతాయి, కానీ 50 మందిలో 20 మంది చెయ్యి జారిపోతారు. ముందటి కటాఫ్‌లో జారింది 8 మందే. పాజిటివ్ వచ్చినవాళ్లకి మళ్లీ రక్తంలో క్రియాటినిన్ చూసే ఏర్పాటుంటే మొదటిదే నయం. 194 మందికీ మళ్లీ చేసే స్తోమత ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

గ్రాఫు చూసేముందు జనాన్ని ఎట్లా ఎంచారో పేపర్లో వెతకాలి. ఒకవైపు డయాలసిస్ రోగులు, ఇంకోవైపు కుర్ర విద్యార్థులు ఉంటే ఓ మోస్తరు టెస్టుకైనా గీత మూలకు ఎగబాకుతుంది. క్యాంపుకి వచ్చేది బీపీ, షుగర్ ఉండి, జబ్బు ఇప్పుడే మొదలవుతున్న మనుషులు. వాళ్లలో జబ్బున్నవాళ్ల రీడింగులూ లేనివాళ్ల రీడింగులూ ఒకదాని మీదొకటి పడతాయి, గీత మధ్య వాలుగీత వైపు, అంటే గుడ్డిగా ఊహించి చెప్పినా వచ్చే గీత వైపు జారుతుంది.