బ్రహ్మగారి ఇరవై నిమిషాలు, మా ట్యాంకు

పౌరాణిక సీరియల్లో కాలం గడపడానికి పెద్దగా ఖర్చవదు. ఓ చక్రం గిర్రున తిరుగుతుంది, నాలుగు మబ్బులు పరుగెడతాయి, వెనకనుంచి ఒక గంభీరమైన గొంతు "యుగాలు గడిచాయి" అంటుంది. చక్రం ఆగేసరికి మునిగారు అదే కమండలంతో, అదే నల్లటి గడ్డంతో అక్కడే ఉంటారు. గడ్డం నెరవదు. విగ్గు ఒకటే కొన్నారు మరి.

ఇదేమిటని పిల్లలు అడిగితే మామూలు ఇళ్లలో "ఆయన చిరంజీవి, నోర్మూసుకుని చూడు" అంటారు. మా బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆయన అలా అనలేరు. అదే మా ఇంటి సమస్య.

ఆ రోజు పిన్ని గుడికి వెళ్తూ మోటారు వేసి, "ఇరవై నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది, గుర్తుపెట్టుకుని ఆపండి" అని మరీ మరీ చెప్పింది. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే సెన్సరు ఒకటి ఈ సంవత్సరం పెట్టిస్తానని బాబాయి ఎప్పుడో మాటిచ్చారు. సంవత్సరం ఇంకా అయిపోలేదు కదా అన్నది ఆయన వాదన.

సీరియల్లో పరశురాముడు కర్ణుడికి అస్త్రాలు నేర్పుతున్నాడు. మా అమ్మాయి చటుక్కున, "తాతయ్యా, రాముడు విల్లు విరిస్తే కోపంగా వచ్చింది ఈయనే కదా? అది త్రేతాయుగం కదా?" అంది.

బాబాయి కళ్లజోడు సర్దుకున్నారు. నేను రిమోట్ కోసం చూశాను కానీ అప్పటికే ఆలస్యమైంది.

"మనకు ఒక ఏడాది దేవతలకు ఒక రోజు. కాబట్టి వాళ్ల ఏడాది మనకు 360 ఏళ్లు. కలియుగానికి దేవతల లెక్కలో 1,000 ఏళ్లు, దానికి ముందు 100 సంధ్య, వెనక 100 సంధ్యాంశం. మొత్తం 1,200. దాన్ని 360తో హెచ్చవేస్తే 4,32,000. ద్వాపరం దానికి రెట్టింపు, త్రేత మూడు రెట్లు, కృతం నాలుగు రెట్లు. నాలుగూ కలిస్తే 43,20,000, అది ఒక మహాయుగం. త్రేత చివర్లో వచ్చిన మనిషి ద్వాపరం చివర్లోనూ కనబడ్డాడంటే, తక్కువలో తక్కువ ఎనిమిది లక్షల చిల్లర ఏళ్లు."

"360తో హెచ్చవేయడం మర్చిపోతే?"

"కలి మొదలైంది క్రీ.పూ. 3102లో అంటారు. 1,200 మన ఏళ్లే అనుకుంటే క్రీ.పూ. 1900 ప్రాంతంలోనే అయిపోయి ఉండాలి. మరి మనం ఇక్కడ కూర్చుని సీరియల్ ఎందుకు చూస్తున్నాం?"

ఈ ప్రశ్నకు కలియుగంతో సంబంధం లేకుండా కూడా నా దగ్గర జవాబు లేదు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ యాడ్స్ తర్వాత వచ్చే కథ కకుద్మి మహారాజుది. ఈయన చిరంజీవి కాదు. కూతురు రేవతికి సంబంధాలు చూస్తూ, మంచి వరుడెవరో బ్రహ్మగారినే అడుగుదామని పిల్లను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ పాట కచేరీ నడుస్తోంది. మధ్యలో మాట్లాడితే బాగుండదని కూర్చున్నాడు. పాటయ్యాక తన వరుల జాబితా చెబితే బ్రహ్మగారు పకపకా నవ్వి, "నాయనా, వాళ్లే కాదు, వాళ్ల కొడుకులు, మనవల గోత్రాలు కూడా ఇప్పుడు వినబడవు. కింద 27 మహాయుగాలు అయిపోయాయి" అన్నాడు.

"ఎంతసేపు పాడారు తాతయ్యా?"

భాగవతం అయితే 'క్షణం' అని ఊరుకుంది. బాబాయి ఊరుకుంటారా? పేపరు అంచు మీద మొదలుపెట్టారు. బ్రహ్మకు ఒక పగలు వెయ్యి మహాయుగాలు, అంటే 432 కోట్ల ఏళ్లు. పగలంటే 12 గంటలు, 720 నిమిషాలు. 432 కోట్లను 720తో భాగిస్తే సరిగ్గా 60 లక్షలు, శేషం లేదు. శేషం రాకపోతే బాబాయి ముఖం ఎలా వెలుగుతుందో చూడాలి. బ్రహ్మగారి ఒక్క నిమిషం మనకు 60 లక్షల ఏళ్లు, ఒక్క సెకను లక్ష ఏళ్లు. 27 మహాయుగాలంటే 11,66,40,000 ఏళ్లు. భాగిస్తే 19 నిమిషాల 26 సెకన్లు.

"యాడ్స్ తీసేస్తే ఒక ఎపిసోడ్ అంతే కదా!" అంది అమ్మాయి.

"ఇంకొక్క నిమిషం ఎక్కువ పాడి ఉంటే?" అన్నారు బాబాయి, ఊపు మీద. "మరో మహాయుగం దాటిపోయేది. బ్రహ్మగారు చెప్పిన వరుడు బలరాముడు. ఆయన కాలం కూడా అయిపోయేది. పిల్లకు మళ్లీ సంబంధాలు వెతుక్కోవాలి!"

పైగా ఆ 27 ఊరికే వేసిన అంకె కాదట. కకుద్మి వైవస్వత మనువు కొడుకు శర్యాతి వంశంవాడు, అంటే ఈ మన్వంతరం మొదట్లోవాడు. పెద్ద సంకల్పంలో మనం ఉన్నది 'అష్టావింశతితమే', 28వ మహాయుగంలో అని చదువుతాం. 27 పోతే వచ్చేది 28. సరిపోయింది. ఇలా సరిపోయే లెక్క దొరికాక ఆయన్ని కుర్చీలోంచి లేపడం ఎవరి తరమూ కాదు. రేవతి పాత యుగం మనిషి కాబట్టి మరీ పొడుగ్గా ఉందని, బలరాముడు నాగలి కొనతో ఆమెను తనకు తగ్గ ఎత్తుకు దించాడని చెబుతున్నారు. సీరియల్లో ఆ నటి బలరాముడి చెవి దాకా కూడా రాలేదు. ఆయన నాగలి పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

అప్పుడు వినిపించింది, పక్కింటి వైపునుంచి ధారగా నీళ్ల శబ్దం. వెంటనే పక్కింటావిడ కేక. మా ట్యాంకు ఆవిడ ఆరేసిన దుప్పట్ల మీద పొంగుతోంది.

పిన్ని గుడి నుంచి వచ్చేసరికి నేను మెట్ల మీద నీళ్లు ఊడుస్తున్నాను. బాబాయి "లెక్క తేలేసరికి ఇరవై నిమిషాలు దాటింది" అన్నారు, అదేదో నీళ్ల తప్పైనట్టు. పిన్ని ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మంచి సూచన కాదు.

అన్నాల దగ్గర అమ్మాయి దశరథుణ్ణి పట్టుకుంది. రాముణ్ణి పంపమని విశ్వామిత్రుడు అడిగితే, తనకు 60,000 ఏళ్లని, పిల్లవాడికి ఇంకా 16 నిండలేదని ఆయనే అంటాడు. "60 వేల ఏళ్లవాడికి 14 ఏళ్ల వనవాసమంటే, 60 ఏళ్లవాడికి అయిదు రోజులు కదా తాతయ్యా. కొడుకు అయిదు రోజులు క్యాంపుకెళ్తే ఎవరైనా ప్రాణం వదిలేస్తారా?"

బాబాయి కాసేపు ముద్ద కలుపుతూ ఉండిపోయారు. తర్వాత, "దానికీ ఒక దారుంది. వెయ్యి సంవత్సరాల యాగం మనిషెలా చేస్తాడని వేదవాక్యాల అర్థం విచారించే మీమాంసకులకు సందేహం వచ్చి, అక్కడ సంవత్సరమంటే రోజని తేల్చారు. అలా చూస్తే 60,000 రోజులు, 166 ఏళ్ల ఎనిమిది నెలలు. కాస్త నమ్మేలా ఉంటుంది."

"మరి రాముడి 16?"

"దాన్ని ముట్టుకోకూడదు. అదీ రోజులే అంటే విశ్వామిత్రుడు యాగరక్షణకు ఉయ్యాల మోసుకెళ్లాలి."

పిన్ని మజ్జిగ గిన్నె బల్ల మీద పెట్టింది. "ఏమండీ, సంవత్సరమంటే రోజేనంటారా?"

"కొన్ని చోట్ల" అన్నారు బాబాయి జాగ్రత్తగా.

"ఈ చోట కూడా. సెన్సరు ఈ సంవత్సరం పెట్టిస్తానన్నారుగా. ఎలక్ట్రీషియన్ తొమ్మిదింటి దాకా ఫోనెత్తుతాడు, చెయ్యి కడుక్కోండి."