ఆ ఫ్లోరైడ్ హీట్‌మ్యాప్‌లో ఎర్రగా ఉన్నదల్లా కారణం కాదు

"నల్లగొండ బోరు నీళ్ల హీట్‌మ్యాప్ ఇది, మీరే చూడండి. ఎంత ఎర్రగా ఉంటే అంత పెద్ద కారణం. ఈసీ, టీడీఎస్ మధ్య 0.99, అన్నిటికీ మూలం ఉప్పే. బోరు లోతుకూ ఫ్లోరైడ్‌కూ 0.78, లోతుకు పోవడం వల్లే ఫ్లోరైడ్ వస్తోంది, 300 అడుగుల లోపు బోరైతే భయం లేదు. కాల్షియానికీ ఫ్లోరైడ్‌కూ -0.61, ట్యాంకులో సున్నం వేస్తే ఫ్లోరైడ్ పోతుంది. అందరికీ పంపండి."

ఇది మా వైపు గ్రూపులన్నీ తిరుగుతోంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఎవరైనా దీన్ని నమ్మి తమ 200 అడుగుల బోరు నీళ్లు ధైర్యంగా తాగడం మొదలుపెడితే నష్టం ఎముకలకు జరుగుతుంది, అదీ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు రంగుల సంగతి. ఒక్కో గడిలోని అంకె రెండు కొలతలు ఎంత కలిసి మారతాయో చెబుతుంది: 1 అంటే రెండూ కలిసే పెరుగుతాయి, -1 అంటే ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంది, 0 అంటే సంబంధం లేదు. హీట్‌మ్యాప్‌లో మూల నుంచి మూలకు ఏటవాలుగా పోయే 1.00 గడులను వదిలేయాలి, అక్కడ ప్రతి కొలతనూ దానితోనే పోల్చారు. ఆ గీతకు పైన ఉన్నదే కింద కూడా ఉంటుంది కాబట్టి సగం చూస్తే చాలు. తర్వాత రంగు కాదు, గడిలోని అంకె చదవాలి. స్క్రీన్‌షాట్ పక్కన ఉన్న రంగు పట్టీ చూశారా? అది -1 నుంచి 1 దాకా లేదు, -0.61 దగ్గరే ఆగిపోయింది. గీసినవాళ్లు హద్దులు ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ ఉన్న అంకెల్లో అన్నిటికన్నా చిన్నదాన్నే కింది కొసగా తీసుకుంటుంది. దాంతో తెలుపు 0 దగ్గర కాకుండా దాదాపు 0.2 దగ్గర పడింది, ఏ సంబంధమూ లేని జతలు కూడా లేత నీలంగా కనిపిస్తున్నాయి, -0.61 ఏమో 1.00 ఎరుపుతో సమానమైన ముదురు నీలంలో ఉంది. సరిగ్గా గీయాలంటే ఇలా:

```python
sns.heatmap(df.corr(numeric_only=True), annot=True,
            vmin=-1, vmax=1, center=0, cmap="RdBu_r")
```

రంగు మాయ తీసేశాక కూడా ఆ మూడు జతలు గట్టివే, అందులో గొడవ లేదు. ఆ అంకెలకు చెప్పిన అర్థంతోనే నా పేచీ.

ఈసీ, టీడీఎస్ జత గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన చేతుల్లో ఉండే టీడీఎస్ పెన్ను నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో, అంటే ఈసీని కొలుస్తుంది, దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఉండే ఒక అంకెతో గుణించి కరిగిన లవణాల మొత్తం, అంటే టీడీఎస్ అని చూపిస్తుంది. ఒకే కొలతను రెండు కాలమ్‌లలో రాశాక 0.99 రాకపోతేనే ఆశ్చర్యం. చార్టులో అన్నిటికన్నా ఎర్రటి గడి నీళ్ల గురించి కొత్తగా ఏమీ చెప్పడం లేదన్నమాట. ఇంకో సంగతి, ఆ పెన్నుకు ఫ్లోరైడ్ విడిగా కనిపించదు. లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాల్లో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కలిసిపోతుంది, కానీ తాగే నీటికి బీఐఎస్ పెట్టిన హద్దు 1, వేరే దారి లేకపోతే 1.5.

అసలు ప్రమాదం బోరు లోతు మాటలో ఉంది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఉంది, కాలువ నీళ్లు, పొలాల నీళ్లు భూమిలోకి ఇంకుతుంటాయి కాబట్టి నీళ్లు పైనే దొరుకుతాయి, బోరు తక్కువ లోతు సరిపోతుంది. మర్రిగూడ వైపు ఆ కాలువ లేదు, కింద గ్రానైటు, ఆ రాతి ఖనిజాల్లోనే ఫ్లోరైడ్ ఉంది, నీళ్లు పగుళ్లలో ఏళ్ల తరబడి రాయిని తాకుతూ ఉంటాయి, పైన నీళ్లు లేక జనం లోతుకు పోయారు. అంటే ఊరున్న చోటే బోరు లోతునూ నిర్ణయిస్తోంది, ఫ్లోరైడ్‌నూ నిర్ణయిస్తోంది. రెండు ప్రాంతాలనూ ఒకే షీటులో కలిపేస్తే ఏమవుతుందో చూపించడానికి నేను కల్పించిన అంకెలు ఇవి, లెక్క కోసమే, ఏ ఊరి పరీక్షలూ కావు.

ఆయకట్టులో నాలుగు బోర్లు: 120, 150, 180, 210 అడుగులు. వాటి ఫ్లోరైడ్ వరుసగా 0.8, 0.6, 0.9, 0.7. మెట్టలో నాలుగు: 500, 550, 600, 650 అడుగులు. ఫ్లోరైడ్ 2.9, 3.3, 2.7, 3.1. ఎనిమిదింటినీ కలిపి ఎక్సెల్‌లో CORREL వేయండి, 0.96 వస్తుంది, హీట్‌మ్యాప్‌లో అది మండిపోయే ఎరుపు. ఇప్పుడు ఆయకట్టు నాలుగింటికే వేయండి, సున్నా. మెట్ట నాలుగింటికే వేయండి, మళ్లీ సున్నా. 0.96 మొత్తం రెండు ప్రాంతాల మధ్య తేడా నుంచే పుట్టింది, ఏ ప్రాంతంలోనూ లోతుకు అందులో పాత్ర లేదు. ఇలాంటి చోట మెట్టలో 200 అడుగుల బోరు వేస్తే ఆయకట్టు నీళ్లు రావు, అదే రాతి నీళ్లు వస్తాయి.

లోతుకు అస్సలు సంబంధం ఉండదని నేను అనడం లేదు. లోపలి నీళ్లు రాయితో ఎక్కువ కాలం ఉంటే ఫ్లోరైడ్ పెరిగే వీలుంది, కొన్ని చోట్ల అదే జరుగుతూ ఉండొచ్చు. కానీ అది తేలాలంటే ఒకే ఊళ్లో, పక్కపక్కన ఉన్న తక్కువ లోతు బోరునూ ఎక్కువ లోతు బోరునూ ఒకే రోజు పరీక్షించాలి. ఈ స్క్రీన్‌షాట్‌లో ఊరి పేరూ లేదు, ఎన్ని బోర్లో కూడా లేదు. ఎనిమిది బోర్ల 0.78, ఎనభై బోర్ల 0.78 ఒకే నమ్మకం ఇవ్వవు.

సున్నం మాటకు వద్దాం. ఇక్కడ రసాయన సంబంధం నిజంగానే ఉంది, అందుకే ఇది ఎక్కువ మోసం చేస్తుంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున పేరుకుంటాయి, కాబట్టి కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఓ హద్దు దాటదు. మన గ్రానైటు ప్రాంతాల్లో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై క్షారగుణం పెరిగిన నీళ్లలో కాల్షియం కార్బొనేట్‌గా విడిపోతుంది, ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే కాల్షియం తగ్గాక అది నీళ్లలో కరిగి నిలుస్తుంది. అది భూమి లోపల జరిగే పని. దాన్నే తిప్పి ట్యాంకులో చేస్తామంటే లెక్క కుదరదు: ఫ్లోరైడ్‌ను లీటరుకు 1 మిల్లీగ్రాముకు దించాలంటే నీళ్లలో కరిగిన కాల్షియం సుమారు 500 మిల్లీగ్రాములు ఉండాలి, తాగే నీటికి ఎక్కువలో ఎక్కువ హద్దే 200. పైగా వేసిన సున్నం బైకార్బొనేట్‌తో కలిసి తెల్లటి మడ్డిగా కిందికి పోతుంది, ఇంకా వేస్తే నీళ్ల పీహెచ్ తాగలేనంత పెరుగుతుంది. ట్యాంకు అడుగున తెల్లగా పేరుకుంటే ఫ్లోరైడ్ పోయిందని మురిసిపోవద్దు, అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే.

మన జిల్లా పేరుతోనే ఉన్న నల్గొండ టెక్నిక్‌లో సున్నం వాడతారు కదా అని అడుగుతారు. వాడతారు, కానీ నాగ్‌పూర్‌లోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన ఆ పద్ధతిలో ఫ్లోరైడ్‌ను పట్టేది పటిక. పటిక వేస్తే నీళ్లు ఆమ్లం వైపు పోతాయి, దాన్ని సరిచేయడానికీ ముద్దలు బాగా కట్టడానికీ సున్నం. మోతాదు కూడా ఆ నీళ్ల ఫ్లోరైడ్, క్షారత కొలిచాకే నిర్ణయిస్తారు, గుప్పెడు వేసే పని కాదు.

ఈ చార్టు గీసిన తమ్ముడికో చెల్లెలికో ఒక మాట. శ్రమ వృథా కాలేదు, షీటులో మండలం పేరు, నమూనా తీసిన తేదీ అని రెండు కాలమ్‌లు చేర్చి ఇది నడపండి, మండలం వారీగా విడివిడి అంకెలు వస్తాయి:

```python
df.groupby("mandal")[["depth_ft", "F"]].corr()
```

ఆ అంకెలు, ఒక్కో మండలంలో ఎన్ని బోర్లున్నాయో దాంతో కలిపి, ఇదే గ్రూపులో పెట్టండి. ఈలోగా బోరు నీళ్లు తాగేవాళ్లు లోతు ఎంతైనా సరే ఫ్లోరైడ్ పరీక్ష చేయించుకోండి, చేతిలో రిపోర్టు వచ్చేదాకా తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టుకోండి.