చంద్రపూర్ ఎండలో ఏ ఆటకు ఎన్ని ఫ్రేములు చాలు?

బల్లార్‌పూర్, చంద్రపూర్ వైపు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనే కుర్రాళ్ల నోట ముందుగా వచ్చే మాట "అన్నా, ఎంత ఎఫ్‌పీఎస్ వస్తది?" అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎన్ని బొమ్మలు తెరమీద పడతాయని. దుకాణదారు అరవై అనో, నూట ఇరవై అనో చెప్పేస్తాడు. ఏ ఆటలో, ఎంతసేపు ఆడాక, ఏ నెలలో అని ఎవరూ అడగరు. ఆ మూడూ తెలియకపోతే ఆ అంకెకు విలువ లేదు.

ఫ్రేమ్ రేటును మిల్లీసెకన్లలోకి మార్చుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో బొమ్మ తెరమీద 33.3 మిల్లీసెకన్లు ఉంటుంది. 60 అయితే 16.7, 144 అయితే 6.9. అంటే 30 నుంచి 60కి వెళ్తే 16 మిల్లీసెకన్లకు పైగా కలిసొస్తుంది. 60 నుంచి 144కు వెళ్తే పది కూడా కలిసిరాదు. అంకె పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, లాభం తగ్గుతుంది. ఆ తగ్గిన లాభం కూడా ఎవరికి పనికొస్తుందనేది ఆటలో మన చెయ్యి ఏం చేస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది.

సివిలైజేషన్ 6 లాంటి వంతులవారీ వ్యూహాల ఆటకు 30 చాలు. ఆ ఆటలో విసుగు పుట్టించేది మన వంతు అయ్యాక కంప్యూటర్ ఆటగాళ్లు ఎత్తులు వేసేదాకా కూర్చోవడం. అది ప్రాసెసర్ పని. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసినా ఆ నిరీక్షణ తగ్గదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి ఆగకుండా సాగే వ్యూహాల ఆటల్లో కొంచెం తేడా ఉంది. చాలా ఆటల్లో మౌస్ బాణాన్ని ఆట గీయదు, విండోస్ విడిగా గీస్తుంది. అందుకే ఆట 30 దగ్గర నడుస్తున్నా బాణం మాత్రం నున్నగా కదులుతుంది. కానీ సైనికుల చుట్టూ మనం లాగే ఎంపిక గీతను ఆటే గీస్తుంది. మౌస్‌ను వేగంగా లాగి చూడండి. గీత బాణం వెనక ఈడ్చుకుంటూ వస్తుంటే ఆ ఆటకు 30 చాలడం లేదని అర్థం. 60కి మించి మాత్రం ఇక్కడ డబ్బు పెట్టక్కర్లేదు.

క్రికెట్ ఆటల దగ్గరికొస్తే 30 స్పష్టంగా తక్కువ. గంటకు 140 కిలోమీటర్ల బంతి బౌలర్ చెయ్యి విడిచాక బ్యాట్‌కు చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. 30 ఫ్రేముల దగ్గర ఆ అర సెకనులో కనిపించేవి పదిహేను బొమ్మలే. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య బంతి మీటరుకు పైగా జరిగిపోతుంది. 60 దగ్గర ముప్పై బొమ్మలు దొరుకుతాయి, టైమింగ్ చేతికి చిక్కుతుంది. ఫైటింగ్ ఆటల లెక్క వేరు. స్ట్రీట్ ఫైటర్ 6లో దెబ్బల నిడివిని సెకనుకు 60 ఫ్రేముల లెక్కలోనే కొలుస్తారు. అక్కడ 60 కచ్చితంగా నిలబడాలి, అంతే.

అసలు పేచీ షూటర్లతో. అక్కడ కెమెరా మన మణికట్టుకు కట్టి ఉంటుంది. వెనక అడుగుల చప్పుడు విని 0.2 సెకనులో 90 డిగ్రీలు తిరిగామనుకుందాం. 30 ఫ్రేముల దగ్గర ఆ మలుపు ఆరు బొమ్మల్లో ముగుస్తుంది, బొమ్మకు 15 డిగ్రీలు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరమీద అది రెండు వందల యాభై పిక్సెళ్లకు పైనే. శత్రువు తలుపు దగ్గర కనిపించి, మరుక్షణం గోడ దగ్గర తేలతాడు. మధ్యలో ఎక్కడున్నాడో కన్ను ఊహించుకోవాల్సిందే. 60 దగ్గర బొమ్మకు 7.5 డిగ్రీలు, 144 దగ్గర మూడు చిల్లర. అందుకే కౌంటర్ స్ట్రైక్ 2, వాలరంట్ ఆడేవాళ్లకు 60 కనీస గీత మాత్రమే. 60 దాటాక తేడా తెలుస్తుందా అని వాదించేవాళ్లు చాలావరకు 60 హెర్ట్జ్ మానిటర్ మీదే చూసి వాదిస్తారు. ఆ తెర సెకనుకు 60 బొమ్మలకు మించి చూపలేదు.

అయినా 60 హెర్ట్జ్ మానిటర్ మీద కూడా షూటర్‌ను 120 దగ్గర నడిపితే కొంత లాభం ఉంది. తెర బొమ్మ తీసుకునే క్షణానికి సిద్ధంగా ఉన్న ఫ్రేము మరింత తాజాగా ఉంటుంది. ఫ్రేములను తెర వేగానికి జతచేసే వి-సింక్‌ను ఆపితే బొమ్మ అక్కడక్కడా అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది, కానీ చేతికీ తెరకూ మధ్య ఆలస్యం తగ్గుతుంది. వి-సింక్ ఆపాక కౌంటర్ స్ట్రైక్ కన్సోల్‌లో ఇలా పెడితే చాలు:

```
fps_max 120
```

ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేసేది మన ఎండ. మే నెలలో చంద్రపూర్ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మామూలే. ఇక్కడ బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం ఉన్నాయి కాబట్టి నల్లటి సన్నని దుమ్ము కూడా తక్కువేం కాదు. అది హీట్ సింక్ రేకుల మధ్య చేరి మెత్తటి పొరలా అతుక్కుంటుంది. వేడి బయటికి పోదు. ఒక హద్దు దాటాక గ్రాఫిక్స్ కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. జీటీఎక్స్ 1650 కార్డు, 60 హెర్ట్జ్ మానిటర్, ఒక షూటర్ ఆట. పొద్దున మొదటి ఐదు నిమిషాల్లో సగటు 75 వచ్చిందనుకుందాం. మధ్యాహ్నం మూడింటికి ఇరవై నిమిషాలు ఆడాక సగటు 62, కానీ అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్క 35. దీన్నే "1% లో" అంటారు, ఇక్కడ లో అంటే ఇంగ్లిష్‌లో తక్కువ అని. సగటు చూస్తే పర్వాలేదనిపిస్తుంది. కానీ ఆ 35 వచ్చేది ఖాళీ వీధిలో నడుస్తున్నప్పుడు కాదు. పొగ బాంబు పేలి, ముగ్గురు ఒకేసారి ఎదురైనప్పుడు వస్తుంది. చావు తప్పించుకోవాల్సిన క్షణంలోనే తెర తడబడుతుంది.

ఇక్కడ చాలామంది ఫ్రేములను 45 దగ్గర కట్టేసి చూస్తారు. 60 హెర్ట్జ్ తెరమీద వి-సింక్‌తో అది కుదరదు. 45 అరవైలోకి సమంగా పోదు కాబట్టి కొన్ని బొమ్మలు 16.7 మిల్లీసెకన్లు, కొన్ని 33.3 మిల్లీసెకన్లు నిలబడతాయి. గతుకుల రోడ్డు మీద ఆటో ఎక్కినట్టుంటుంది. 60 హెర్ట్జ్ తెరకు నప్పేవి 60, 30 మాత్రమే. 120 హెర్ట్జ్ తెర ఉంటే 40 కూడా చక్కగా పోతుంది, ఒక్కో బొమ్మ 25 మిల్లీసెకన్లు. వ్యూహాల ఆటలకు అది చాలా హాయైన మధ్యేమార్గం.

మన ఉదాహరణలోని కంప్యూటర్‌కు సరైన దారి వేరు. నీడల నాణ్యతను కనిష్ఠానికి దించాలి, రెజల్యూషన్ ఒక మెట్టు తగ్గించాలి. ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే అదే వేగంలో రెండోది పెట్టాలి. చాలా కంప్యూటర్లలో సగటు కంటే "1% లో" అంకే దీనివల్ల ఎక్కువ బాగుపడుతుంది. సైడ్ ప్యానెల్ తీసి ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని దుమ్ము ఊదాలి. వదిలేస్తే గాలికి అది విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఆ తర్వాత ఫ్రేములకు హద్దు పెట్టే రివాట్యూనర్ సాఫ్ట్‌వేర్‌లో 60 దగ్గర కట్టేయాలి. కట్టేస్తే కార్డుకు పని తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, తడబాటూ తగ్గుతుంది. వ్యూహాల ఆటలకూ ఈ కట్టడి అవసరమే. హద్దు పెట్టకపోతే కొన్ని ఆటల మెనూ తెర కూడా సెకనుకు వందల ఫ్రేములు గీస్తూ, ఎవరికీ పనికిరాని వేడి పుట్టిస్తుంది.

ఫోన్‌లో ఆడేవాళ్లకూ ఇదే లెక్క. 90 పెట్టుకుని పది నిమిషాల్లో 50లకు జారిపోయే ఫోన్ కంటే 60 దగ్గర నిలబడే ఫోన్‌తోనే గురి బాగా కుదురుతుంది. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఆ జారుడు ఇంకా ముందే మొదలవుతుంది.

కాబట్టి దుకాణంలో అడగాల్సిన ప్రశ్న మారాలి. మీరు ఆడే ఆటనే పెట్టించి, కూలర్ గాలి తగలని చోట, మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలు ఆడించి, అప్పుడు "1% లో" అంకె ఎంతో చూపించమనండి.