70 ఎంబీ ఆట

నిన్న మా బాబాయి గృహప్రవేశం. హోమం పొగకి కళ్ళు మండుతుంటే వెనక వరసలో ఓ కుర్చీ చూసుకుని ఫోను తీశాను. నాది 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ. ఆ పదహారులో సగం సిస్టమే మింగేస్తుంది. మిగిలినది వాట్సాప్ గుడ్ మార్నింగుల ఆస్తి. ఈ మధ్య దాంట్లో ఒక ఆట వేసుకున్నాను. మా బావ సిఫార్సు. "70 ఎంబీయే రా, నీ డబ్బా ఫోన్లో కూడా పరిగెడుతుంది" అన్నాడు. ఆయన ఫోన్లో ర్యామ్ 12 జీబీ. అందులో పరిగెత్తనిది ఏముంటుంది?

సైలెంట్‌లోనే పెట్టాను. కానీ సైలెంట్ అంటే రింగుకే గానీ ఆటల్లోంచి, వీడియోల్లోంచి వచ్చే శబ్దానికి కాదట. దాని వాల్యూమ్ వేరు. ఈ సంగతి మొదట తెలుసుకున్నది నేను కాదు, పంతులుగారు.

ఒక లెవెల్ అయింది, ప్రకటన మొదలైంది, తెర బిగుసుకుపోయింది. బొమ్మ కదలదు, మాట మాత్రం ఆగదు. పంతులుగారు సంకల్పం చెప్పిస్తూ "గోత్రం?" అని అడిగారు. బాబాయి నోరు తెరిచేలోపు నా ఫోను "ఆధార్ కార్డు ఉంటే చాలు!" అంది. ఇంటికోసం బ్యాంకు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసిన మనిషి బాబాయి. ఆయన తల తిప్పి చూశాడు. "ఐదు నిమిషాల్లో అప్పు మీ ఖాతాలో!" అంది ఫోను. నేను వాల్యూమ్ బటన్ నొక్కాను, ఉలుకూ పలుకూ లేదు. వెనక్కి వెళ్ళే బటన్ నొక్కాను, అదీ అంతే. పాత ఫోన్లయితే వెనక మూత ఊడదీసి బ్యాటరీ లాగిపారేసేవాళ్ళం. ఇప్పుడు ఆ అదృష్టం కూడా లేదు. జేబులో కుక్కాను, జేబులోంచి "ష్యూరిటీ అక్కర్లేదు!" అని వినిపించింది. పిన్ని వైపు బంధువు ఒకాయన నా పక్కకి జరిగి, చాలా మర్యాదగా, "వడ్డీ ఎంత బాబూ?" అన్నాడు.

పవర్ బటన్ వదలకుండా నొక్కి పట్టుకుంటే చివరికి ఆరిపోయింది. తెర పూర్తిగా బిగుసుకుపోయినా చాలా ఫోన్లలో ఈ ఉపాయం పనిచేస్తుంది. కొన్నిట్లో వాల్యూమ్ బటన్ కూడా కలిపి నొక్కాలి. పది సెకన్లంటారు గానీ, పందిట్లో అది పదిలా గడవదు.

సాయంత్రం సెట్టింగ్స్‌లో ఆ ఆట జాతకం తీశాను. స్టోర్‌లో చూపించిన 70 ఎంబీ దింపుకోవడానికి మాత్రమే. విప్పుకున్నాక App size 190 ఎంబీ అయింది. మొదటిసారి తెరిచినప్పుడు "కాస్త ఆగండి" అంటూ దింపుకున్న బొమ్మలూ పాటలూ User data లో 310. చూపించిన ప్రకటనల తాలూకు సామానూ అదీ కలిసి Cache లో 85. మొత్తం 585 ఎంబీ. Cache చెరిపేస్తే ఆడిన లెవెళ్ళు పోవు గానీ, మళ్ళీ ఆడితే అదీ మళ్ళీ పోగవుతుంది.

బిగుసుకుపోవడానికి కారణం మాత్రం స్టోరేజీ కాదు, ర్యామ్. 2 జీబీలో పెద్ద వాటా సిస్టమ్‌దే. మిగిలినదాంట్లో ఆట ఎలాగో సర్దుకుని కూర్చుంటుంది. దాని నెత్తిమీద వీడియో ప్రకటన వచ్చి పడేసరికి, చోటు కోసం ఆండ్రాయిడ్ వెనకాల ఉన్న యాప్‌లను ఒక్కొక్కటే మూసేస్తుంది, మెమరీలో ఉన్నదాన్ని నొక్కి కుదిస్తుంది. ప్రాసెసర్ ఆ పనిలో మునిగిపోతే మన వేలు నొక్కిన కబురు వరసలో నిలబడుతుంది. అంటే ఆట తేలికే, బరువంతా ప్రకటనది. స్టోర్‌వాళ్ళు ఆట సైజు చెబుతారు, దాంతో వచ్చే చుట్టాల సైజు చెప్పరు.

అందుకని ఇప్పుడు సైజు తర్వాత చూస్తున్నాను. ముందు ఆట పేరు కింద Contains ads అని ఉందా అని చూస్తాను. లేకపోతే దింపి, ఒకసారి తెరిచి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్ళీ తెరుస్తాను. నెట్ లేకపోయినా సణగకుండా మొదలైతే ఉంచుతాను. "కనెక్షన్ లేదు" అని మొరాయిస్తే అప్పుడే సాగనంపుతాను. ఇలా వడగడితే చేతికి తగిలింది Simon Tatham's Puzzles. కొద్ది ఎంబీలే, ప్రకటనల్లేవు, నెట్ అక్కర్లేదు, లోపల నలభై దాకా చిక్కుముడులున్నాయి. సుడోకు కావాలంటే అందులో Solo అని వెతుక్కోవాలి. బొమ్మలు సాదాసీదా గీతలూ గళ్ళూ, అంతే. ఫోను వేడెక్కదు, మధ్యలో కాల్ వస్తే ఎత్తగలను.

బావకి చూపిస్తే "ఇదేం ఆట రా, లెక్కల నోటుబుక్కులా ఉంది, గ్రాఫిక్స్ ఏవీ?" అన్నాడు. ఇందాకే ఇంకో లింకు పంపాడు. కింద "ఇది 65 ఎంబీయే" అని రాశాడు, పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టి.