పాలు పొంగించుట: కొన్ని సాంకేతిక సమస్యలు

మన ఇళ్లలో పాలు పొంగడం నేరం. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లు ఫోన్ చూస్తున్నారని రుజువైతే శిక్ష కూడా ఉంటుంది. కానీ గృహప్రవేశం నాడు పొంగకపోవడం నేరం. పాలకి ఈ సవరణ సంగతి ఎవరూ చెప్పరు. మా ఇంట్లో గొడవంతా అక్కడే వచ్చింది.

ముహూర్తం తెల్లవారుజామున నాలుగూ నలభైకి. మా ఫ్లాట్ నాలుగో అంతస్తు. ఆవు లిఫ్ట్ ఎక్కనంది, దాన్ని తప్పుపట్టలేం. సెల్లార్‌లోనే బొట్టు పెట్టి, అరటిపండు తినిపించి, అది మనసా మా గడప దాటినట్టు పంతులుగారు ప్రకటించారు. గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టాం. కుడికాలు పెట్టి, దేవుడి పటం, నిండు బిందె, పసుపు కుంకుమ, ఉప్పు, బియ్యం పట్టుకుని లోపలికి వచ్చాం. అంతవరకూ ఏ తేడా రాలేదు.

పాలు పొంగించడం ఆడపడుచు హక్కు. పట్టుచీర మీద కుదిరిన ఒప్పందం అది. మా చెల్లెలు కొత్త స్టవ్ మీద కొత్త ఇత్తడి గిన్నె పెట్టింది. అయిదు లీటర్ల గిన్నె. నలుగురూ చూసే రోజని మా ఆవిడ పెద్దది కొంది. అందులో పోసినవి లీటరు పాలు.

పది నిమిషాలైంది. పాతికమంది వంటింట్లో నిలబడి, కన్నార్పకుండా గిన్నెలోకి చూస్తున్నారు. పాలు నురగ కట్టి పైకి వస్తాయి, సగం గిన్నె దాకా వచ్చి, మేము ఇంత దూరం రాలేం అన్నట్టు కిందికి దిగుతాయి. "పొంగాయా బాబూ?" అని హాల్లోంచి పంతులుగారు. "వస్తున్నాయండీ" అని మా బావగారు, రైలు గురించి చెప్పినట్టు.

ఇందులో దైవం నిర్దోషి. నీళ్లు మరిగితే బుడగ పైకొచ్చి టప్పున పగిలిపోతుంది. పాలలో అలా కాదు. వేడికి ప్రొటీనూ కొవ్వూ కలిసి పైన మీగడ పొర కడతాయి, కింద పుట్టిన ఆవిరికి దారి ఉండదు. బుడగల చుట్టూ కూడా ప్రొటీన్ అంటుకుని వాటిని తొందరగా పగలనివ్వదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి నురగ అంచు దాటడమే పొంగడం. గిన్నె మూడొంతులు నిండి ఉంటే ఆ ఎక్కాల్సిన దూరం నాలుగు వేళ్లు. అయిదో వంతే నిండిన వెడల్పాటి గిన్నెలో అంచు చేరేలోపు పై బుడగలు చల్లబడి కూలిపోతాయి. పైగా మా పెద్దత్తయ్య అడుగంటుతుందని మధ్యమధ్య గరిటెతో కలుపుతోంది. కలిపితే పొర చిరుగుతుంది, ఆవిరి హాయిగా బయటపడుతుంది. రోజూ పొంగకుండా మనం చేసే పనే అది! ఆవిడ చెయ్యి నలభై ఏళ్ల అలవాటు చొప్పున శుభకార్యాన్ని అడ్డుకుంటోంది.

బావగారు ఇంకో ప్యాకెట్ చింపి పోశారు. చల్లటి పాలు పడగానే ఉన్న నురగా చచ్చింది. ముహూర్తం మించిపోతోందని హాల్లోంచి దగ్గు వినిపించింది. టెన్షన్‌లో ఎవరో కిందికి పరిగెత్తి వాచ్‌మన్ భార్య టీ కాచే గిన్నె తెచ్చారు. లీటరున్నర పట్టే నల్లటి గిన్నె. పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ పాలు అంచుకి నాలుగు వేళ్ల కింద దాకా పోశాం. గరిటె పెద్దత్తయ్య చేతిలోంచి మర్యాదగా తీసుకున్నాం. రెండు నిమిషాల్లో బుస్సున పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"దక్షిణానికి పొంగిందే!" అన్నారు మా మావయ్య.

చప్పట్లు ఆగిపోయాయి. తూర్పుకి పొంగితే సిరి, ఉత్తరానికైనా సర్దుకోవచ్చు, దక్షిణం యముడి దిక్కు. కారణం నాకు మర్నాడు తెలిసింది. తాపీమేస్త్రి రసమట్టం పెట్టి చూస్తే గ్రానైట్ గట్టు సింక్ వైపు వాలి ఉంది, నీళ్లు నిలవకూడదని. సింక్ దక్షిణాన. పొంగు పల్లమైన అంచు మీదుగానే దిగుతుంది, దానికి దిక్కులు తెలియవు. శాస్త్రప్రకారం పూజ సామగ్రి జాబితాలో కొబ్బరికాయల తర్వాత రసమట్టాన్ని చేర్చాలని నా సవినయ మనవి. అప్పటికి మాత్రం పంతులుగారే రక్షించారు. "పొంగిందా లేదా అన్నదే లెక్క. ఇంట్లో ధాన్యం, పాడి పొంగిపొర్లాలని సంకల్పం. ఏ పక్కకి పొర్లినా మీ ఇంట్లోనేగా?" అని, మిగిలిన పాలలో బియ్యం వెయ్యమన్నారు. ఇరవై ఏళ్లుగా ఎంత వాలిన గట్లు చూసుంటారో ఆయన.

పొంగిన పాలు బర్నర్ చిల్లుల్లో మాడి గడ్డకట్టి, కొత్త స్టవ్ సగమే వెలిగింది. పరమాన్నం ఉడికేసరికి సత్యనారాయణ వ్రతంలో మూడో కథ అయిపోయింది.

నాలుగో రోజు పొద్దున మేస్త్రి గట్టు సరిచేసి వెళ్లాడు. మా ఆవిడ తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది, నేను పేపర్ చదువుతున్నాను. వంటింట్లోంచి బుస్సుమని చప్పుడు. వెళ్లి చూశాను. పాలు నిండుగా, ధారగా, ఖచ్చితంగా తూర్పుకి పొంగుతున్నాయి.

"కళ్లెక్కడ పెట్టుకున్నారు?" అంది మా ఆవిడ, గుడ్డ తెస్తూ.